అమ్మమ్మ వర్ధంతి నాడు నాలుగు వాక్యాల నివాళి రాయడం: తిథి నుంచి సంతకం వరకు

మా అమ్మమ్మ నాలుగవ వర్ధంతికి కుటుంబం తరఫున ఒక చిన్న నివాళి రాసి ఆన్‌లైన్‌లో పెట్టమని మా పెద్దమామయ్య నాకు అప్పగించారు. చివరికి పెట్టినది యాభై మాటలకు మించలేదు కాని, ఆ యాభై మాటలకు రావడానికి మూడు రోజులు, ఐదుగురు పెద్దలతో సంభాషణలు అవసరమయ్యాయి. అటువంటి పని మీ మీద పడినప్పుడు ఏది ముందు తేల్చుకోవాలో, ఏ మాట దగ్గర ఆగి ఆలోచించాలో చెప్పడానికి ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. అమ్మమ్మ పేరును మాత్రం విడిచిపెడుతున్నాను. ఆమెది కృష్ణా జిల్లా చల్లపల్లి దగ్గరి పల్లెటూరు. 2022 ఫిబ్రవరి 7న, రథసప్తమి నాడు, కన్నుమూశారు.

మొదట ఏ రోజున పెట్టాలి

మన ఇళ్లలో ఒకే మరణానికి రెండు రోజులు ఉంటాయి. తద్దినం, అంటే ఆబ్దికం, తిథిని బట్టి పెడతారు. ఇరుగుపొరుగువారు, స్నేహితులు, ఉద్యోగంలో తెలిసినవారు తేదీని బట్టి గుర్తుపెట్టుకుంటారు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కనుక తిథి ప్రతి ఏడాది పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చిన ఏడాది ఒక్కసారిగా వెనక్కు వెళుతుంది. మా అమ్మమ్మ విషయంలోనే చూడండి: ఆమె వెళ్లిపోయిన ఏడాది రథసప్తమి ఫిబ్రవరి 7న వచ్చింది, 2023లో జనవరి 28న, మధ్యలో అధిక శ్రావణం వచ్చినందువల్ల 2024లో ఫిబ్రవరి 16న, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది.

పండుగ ఏ రోజున జరిగిందో చూసి తద్దినం కూడా అదే రోజు అనుకోకూడదు. పండుగకు చాలావరకు సూర్యోదయానికి ఉన్న తిథిని చూస్తారు, శ్రాద్ధానికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటిన వేళ ఉన్న తిథిని చూస్తారు. అందువల్ల పండుగ ఒక రోజున, తద్దినం దాని ముందు రోజున పడే ఏళ్లు కూడా ఉంటాయి. ఆ లెక్క మీరు చేయనక్కరలేదు. తద్దినం పెట్టించే పురోహితుడిని అడిగి, ఆయన చెప్పిన రోజును కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కుటుంబసభ్యులు అక్కడే తద్దినం పెడితే, అక్కడి పంచాంగం ప్రకారం వారి రోజు వేరు కావచ్చు. అది పొరపాటు కాదు.

నివాళి మాత్రం ఒక్క రోజునే పెట్టాలన్నది నా అభిప్రాయం. తిథి నాడు ఒకటి, తేదీ నాడు ఒకటి పెడితే చూసేవారికి అయోమయంగా ఉంటుంది, రెండవది మొదటిదాని బరువు తగ్గిస్తుంది. తద్దినం నాడు ఇంట్లో వారికి మడి, వంట, భోక్తల ఏర్పాట్లతోనే సరిపోతుంది కనుక మేము తేదీని ఎంచుకున్నాము. తిథినే పాటించే కుటుంబమైతే నివాళిలో “విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి” అని తిథిని స్పష్టంగా రాయడం మంచిది. లేకపోతే నిరుడు ఫిబ్రవరిలో చూసినవారు ఈసారి జనవరిలో చూసి, ఎక్కడో తప్పు దొర్లిందనుకుంటారు.

ఎన్నవ వర్ధంతి అన్న లెక్క

మరణించిన ఏడాదిని ఒకటిగా లెక్కపెట్టడం తరచుగా జరిగే పొరపాటు. మరణించిన రోజు వర్ధంతి కాదు. ఏడాది నిండిన రోజు ప్రథమ వర్ధంతి. 2022లో పోయినవారికి 2023లో మొదటిది, 2026లో నాలుగవది. ఈ సంవత్సరంలో నుంచి మరణించిన సంవత్సరాన్ని తీసివేస్తే వచ్చేదే సంఖ్య. ప్రథమ, ద్వితీయ, తృతీయ అన్న మాటలు అందరికీ తెలిసినవే. ఆ తరువాత చతుర్థ, పంచమ, షష్ఠ అని రాసేవారు ఉన్నారు కాని, నాలుగవ, ఐదవ, ఆరవ అని తెలుగులోనే రాస్తే హాయిగా ఉంటుంది, అక్షరదోషానికి కూడా చోటుండదు.

కన్నడ ప్రాంతంలో స్థిరపడిన బంధువులు ఉన్న కుటుంబాలకు ఒక మాట. కన్నడంలో “వర్ధంతి” అంటే జన్మదినం, లేదా ఆలయ వార్షికోత్సవం. మైసూరు మహారాజుల పుట్టినరోజుల వేడుకలను ఆ మాటతోనే పిలిచేవారు. తెలుగులో అదే మాట మరణించిన రోజుకు స్థిరపడింది. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లలు ఆ మాట చూసి శుభాకాంక్షలు తెలిపితే అందులో అగౌరవం లేదు, భాష వేరు కావడమే కారణం. అటువంటివారు ఎక్కువగా చూసేచోట “పుణ్యస్మరణ” అని రాస్తే రెండు భాషలవారికీ ఒకే అర్థం వస్తుంది.

ఎవరి అనుమతి తీసుకోవాలి

మనుమలు, మనుమరాళ్లు రాసే నివాళి అయినా, ముందుగా చూడవలసినవారు ఆమె కన్నబిడ్డలు. వారిలో ఎవరికైనా ఆమె చివరి రోజుల గురించి బహిరంగంగా మాట్లాడటం ఇష్టం ఉండకపోవచ్చు. ఆసుపత్రి, జబ్బు పేరు, ఎవరి ఇంట్లో కన్నుమూశారు అన్న వివరాలు కొన్ని ఇళ్లలో ఇంకా మానని గాయాలు. ఆ వివరాలు నివాళికి అవసరం కూడా లేదు. నేను రాసిన ముసాయిదాను పెద్దమామయ్యకు చదివి వినిపించి, తరువాత అమ్మకు, పిన్నికి, చిన్నమామయ్యకు పంపాను. ఆ ఇంటికి పెద్దకోడలిగా ఆమెతో ఎక్కువ కాలం గడిపిన అత్తయ్యకు కూడా పంపాను. కోడళ్లను అడగడం చాలా ఇళ్లలో మరచిపోతారు.

ఫోటో

నివాళిలో మొదట కళ్లు పడేది ఫోటో మీదనే, కుటుంబంలో మాట పట్టింపులు వచ్చేదీ అక్కడే. తాతయ్య ఉన్నప్పటి ఫోటోలో అమ్మమ్మ నుదుట పెద్ద కుంకుమ బొట్టుతో, చేతుల నిండా గాజులతో ఉంటారు; తరువాతి ఫోటోల్లో అవి ఉండవు. మొదటిదే పెట్టాలని ఒకరు, మేము ఎరిగిన అమ్మమ్మ ఆమె కాదు, రెండవదే పెట్టాలని మరొకరు అంటారు. మా ఇంట్లోనూ ఈ మాట వచ్చింది. ఆమె తన గదిలో గోడకు ఏ ఫోటో పెట్టుకున్నారో, ఎవరైనా వస్తే ఏది చూపించేవారో గుర్తుచేసుకుంటే జవాబు దొరుకుతుంది. మా అమ్మమ్మ మంచం పక్కన తాతయ్యతో దిగిన ఫోటో ఉండేది, అదే తీసుకున్నాము. ఏది ఎంచుకున్నా, లేని బొట్టును ఫోన్‌లో దిద్దడం, ఉన్నదాన్ని చెరపడం, ముఖాన్ని నునుపు చేయడం మాత్రం వద్దు. ఆ ముఖాన్ని ఏళ్ల తరబడి చూసినవారికి ఆ మార్పు వెంటనే కనిపిస్తుంది, బాధ కలిగిస్తుంది.

పాత ఫోటో ఫ్రేములో ఉంటే అద్దం మీద కిటికీ వెలుగు, తీసేవారి నీడ పడతాయి. వీలైతే వెనుక మేకులు విప్పి ఫోటోను బయటకు తీయండి. అయితే ఏళ్ల తేమకు అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగవద్దు, పైపొర అద్దంతోపాటు ఊడివస్తుంది. అప్పుడు ఫ్రేమును నేల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో, కొద్దిగా దూరంగా నిలబడి పైనుంచి తీసి, తరువాత అంచులు కత్తిరించుకోవాలి. పాస్‌పోర్టు సైజు ఫోటో మాత్రమే ఉంటే స్కానర్ మీద 600 డిపిఐలో తీయించండి. గుంపు ఫోటోలోంచి ముఖాన్ని వేరుచేసేటప్పుడు పక్కవారి భుజమో చెయ్యో మిగిలిపోకుండా చూసుకోవాలి. ఆసుపత్రి మంచం మీది ఫోటో, చివరి చూపు ఫోటో ఎన్నడూ పెట్టకూడదు.

పేరు, పిలుపు, క్రియ

పేరుకు ముందు వచ్చే మాట ఒక్కటే ఉండాలి. “కీర్తిశేషులు” అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు, “దివంగత”, “స్వర్గీయ” అంటే స్వర్గానికి వెళ్లినవారు, ఈ మూడింటిలో ఏదో ఒకటి చాలు, “స్వర్గీయ కీ.శే.” అని రెండూ చేర్చడం అనవసరం. మరణాన్ని చెప్పే మాట కుటుంబ సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది. వైష్ణవుల ఇళ్లలో “పరమపదించారు” అని, శైవుల ఇళ్లలో “శివైక్యం చెందారు” అని, క్రైస్తవ కుటుంబాల్లో “ప్రభువునందు నిద్రించారు” అని అంటారు. తెలుగు ముస్లిం కుటుంబాల్లో నానిమా, దాదిమా పేరుకు ముందు “మర్హూమా” అని చేర్చడం ఉంది. ఏదీ తోచకపోతే “కన్నుమూశారు” అన్నది అందరికీ సరిపోయే మాట.

పిలుపు విషయంలో ఎవరి గొంతుతో రాస్తున్నామో చూసుకోవాలి. నాకు అమ్మమ్మ అయిన మనిషే మా మామయ్యల పిల్లలకు నాయనమ్మ. “మా అమ్మమ్మ” అని మొదలుపెట్టి కింద “కుమారులు, కోడళ్లు” అని సంతకం చేస్తే వాక్యానికీ సంతకానికీ పొత్తు కుదరదు. కుటుంబమంతా సంతకం చేస్తే “మా కుటుంబానికి పెద్ద అయిన” అని మొదలుపెట్టవచ్చు. మనుమలు, మనుమరాళ్లు మాత్రమే అయితే “మాకు అమ్మమ్మ, నాయనమ్మ అయిన” అనవచ్చు. ఇంట్లో అవ్వ అనో, జేజి అనో, బాపమ్మ అనో, మామ్మ అనో పిలిచే అలవాటు ఉంటే ఆ మాటనే రాయండి. నివాళి కోసం దాన్ని “నాయనమ్మ”గా మార్చనక్కరలేదు.

ఇంతకంటె సున్నితమైనది క్రియ. ఇంట్లో అమ్మమ్మను “నువ్వు” అనేవాళ్లం, “అమ్మమ్మ చెప్పింది” అనేవాళ్లం. పదిమంది చదివేచోట అది కొందరు పెద్దలకు మర్యాద తక్కువగా కనిపిస్తుంది, “మీరు” అని రాస్తే మనకే పరాయిగా తోస్తుంది. ఆమెను ఉద్దేశించి మాట్లాడకుండా, ఆమె గురించి “చెప్పేవారు, పెట్టారు” అని గౌరవవాచకంతో రాస్తే ఈ చిక్కు విడిపోతుంది. ఏ పద్ధతి తీసుకున్నా మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం వరకు దానినే పాటించాలి.

ఇంటిపేరు గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. అమ్మమ్మ ఇంటిపేరు అంటే మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు. ఖాతాదారును గుర్తుపట్టడానికి కొన్ని బ్యాంకులు అడిగే ప్రశ్నల్లో అది ఒకటి. అందుకని బంధువుల వాట్సాప్ గ్రూపులో పూర్తి పేరు రాసి, అందరూ చూడగలిగేచోట ఇంటిపేరు లేకుండా పేరు మాత్రమే రాశాము. పుట్టిన తేదీ కూడా అంతే. ఆ తరంలో చాలామందికి ఆధార్ కార్డు మీద జనవరి 1 అని ఉంటుంది, అది వయసును అంచనా కట్టి వేసిన తేదీ కావచ్చు. దానిని జయంతిగా రాయడం కంటె విడిచిపెట్టడమే మేలు.

ఒకే ఒక్క జ్ఞాపకం

నివాళికి ప్రాణం ఇక్కడే ఉంది కనుక ఈ మెట్టుకు ఎక్కువ సమయం ఇవ్వండి. ప్రేమమూర్తి, త్యాగమయి, సహనశీలి అన్న మాటలు ఎవరి అమ్మమ్మకైనా అతుకుతాయి. ఆమె ఒక రోజున, ఒక చోట, చేసిన ఒక పని చెబితే ఆ గుణాలను వేరుగా చెప్పే అవసరం ఉండదు. అటువంటి సంగతుల కోసం “అమ్మమ్మ ఎలాంటిది?” అని అడిగితే అందరూ విశేషణాలే చెబుతారు. “అమ్మమ్మ చేతి పని ఏది గుర్తుంది? ఆమె ఎవరి మీద కోపం తెచ్చుకునేది? ఇంటికి ఎవరు వస్తే లేచి నిలబడేది?” అని అడగండి.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఒకటి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అమ్మమ్మ వందల మందికి అన్నం పెట్టిందని అనేవారు. నేను దానినే రాశాను. ముసాయిదా చదివిన పిన్ని ఫోన్ చేసి, “వందల మందికి పెట్టింది ఊళ్లో అందరూ కలిసి, అమ్మ ఒక్కతే కాదు. మన ఇంట్లో ఉన్నది పదకొండు మంది, నాగాయలంక వైపు నుంచి వచ్చిన బంధువులు. పశువుల చావడి పక్కన వేరే పొయ్యి పెట్టి, సంక్రాంతి దాటేదాకా రెండు పూటలా వండింది. ఆ సంగతి ఎప్పుడూ తన నోటితో చెప్పలేదు” అన్నారు. ఆ పదకొండు మందిలో ఒకరైన పెద్దాయనను మామయ్య అడిగితే ఆయన కూడా అంతే చెప్పారు, పొయ్యి ఏ మూల ఉండేదో కూడా చెప్పారు.

వందల మంది అన్న మాట పోయింది, పదకొండు మంది మిగిలారు. నివాళి అప్పుడే నిలబడింది. ఇంటి కథలు ఏళ్లు గడిచేకొద్దీ పెద్దవవుతాయి, అందులో ఎవరి తప్పూ ఉండదు. అయితే ఆ రోజులు చూసినవారు ఇంకా ఉన్నారు, వారు చదువుతారు. కనుక సంఖ్య, ఊరు, సంవత్సరం ఉన్న ప్రతి మాటనూ ఇద్దరిని అడిగి సరిచూసుకోండి; ఇద్దరూ వేరువేరుగా చెబితే ఆ వివరాన్ని తీసివేయండి.

ముసాయిదా, దిద్దుబాటు

నేను మొదట రాసినది ఇది:

“మా అమ్మమ్మ స్వర్గీయ కీ.శే. ............ గారు భౌతికంగా మా మధ్య లేకపోయినా మా హృదయాలలో ఎప్పటికీ జీవించే ఉంటారు. ప్రేమకు, త్యాగానికి మారుపేరైన మీరు దివిసీమ ఉప్పెనలో వందలాది మందికి అన్నం పెట్టిన అన్నపూర్ణ. నువ్వు లేని లోటు తీర్చలేనిది. మీ పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని భగవంతుని ప్రార్థిస్తూ అశ్రునివాళులు.”

ఇందులో ఎన్నవ వర్ధంతో లేదు. ఆమె ఒక వాక్యంలో “గారు”, మరో వాక్యంలో “మీరు”, ఇంకో వాక్యంలో “నువ్వు” అయ్యారు. ఉప్పెనలో వందలాది మందికి పెట్టారన్నది నిజం కాదు, మిగిలిన వాక్యాలు ఎవరి ఫోటో కిందనైనా పెట్టగలిగినవి. “అశ్రునివాళి” అన్న మాట మొదటి ఏడాది, లేదా అకాలమరణం విషయంలో తగినది. నిండు వయసులో వెళ్లి నాలుగేళ్లయిన మనిషికి “స్మృత్యంజలి” అనో, “నమస్కరిస్తున్నాము” అనో అనడం మేలనిపించింది. దిద్దిన తరువాత ఇలా అయింది:

“మాకు అమ్మమ్మ, నాయనమ్మ అయిన కీర్తిశేషులు ............ గారి నాలుగవ వర్ధంతి నేడు, 7 ఫిబ్రవరి 2026.

1977 నవంబరు ఉప్పెనలో ఇల్లు కోల్పోయి వచ్చిన పదకొండు మంది బంధువులకు, సంక్రాంతి దాటేవరకు, పశువుల చావడి పక్కన పొయ్యి పెట్టి ఆమె రెండు పూటలా వండి పెట్టారు. ఆ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదు, ఆ అన్నం తిన్నవారు చెప్పగా మాకు తెలిసింది.

ఆమెను స్మరిస్తూ నమస్కరిస్తున్నాము.

మనుమలు, మనుమరాళ్లు”

వాక్యాలు నాలుగే. ఎవరు, ఏ రోజు అన్నది మొదటిది, జ్ఞాపకం రెండవది, మూడవది, నమస్కారం నాలుగవది. ఇంకొక జ్ఞాపకం చేర్చాలని నాకు బలంగా అనిపించింది, ఆమె వేసవిలో పెట్టే మాగాయ గురించి. పక్కనే పెట్టి చదివితే రెండూ ఒకదాని బలాన్ని ఒకటి తగ్గించాయి, కనుక దానిని వచ్చే ఏటికి దాచాను.

పెట్టే ముందు అక్షరాలు ఒకసారి

ఫోన్‌లో టైపు చేసేటప్పుడు కొన్ని మాటలు తరచుగా తప్పు పడతాయి. “ప్రథమ”లో ఉన్నది థ, ధ కాదు. “వర్ధంతి”లో ఉన్నది ధ, థ కాదు. “శ్రద్ధాంజలి”లో ద కింద ధ వత్తు ఉండాలి. “స్వర్గస్థులయ్యారు” అన్నప్పుడు స్థ రాయాలి. “సంస్మరణ” అని రాయవలసినచోట ఫోన్ “సంస్కరణ” అని చూపిస్తుంది, అది పూర్తిగా వేరే మాట. “జయంతి”, “వర్ధంతి” తారుమారు కాకుండా ప్రత్యేకంగా చూడండి. ఇవన్నీ మీ కంటితో పట్టుకోవడం కష్టం. రాసినవారు కాక మరొకరు గట్టిగా చదివితే దొరుకుతాయి. ఫోటో మీదనే అక్షరాలు వేసి బొమ్మగా చేస్తే తరువాత దిద్దడం కుదరదు కనుక, మాటలను విడిగా కిందనే రాయండి.

పెట్టిన తరువాత

భారత కాలమానం ప్రకారం ఉదయం పెట్టండి. అమెరికాలో ఉన్నవారు పెడితే అక్కడి సాయంత్రానికే ఇక్కడ తెల్లవారుతుందని గుర్తుంచుకోవాలి. బంధువుల పేర్లను ట్యాగ్ చేసి పిలవవద్దు, చూసినవారు చూస్తారు. తద్దినానికి పిలవవలసినవారిని ఇందులో పిలవకూడదు, అది ఫోన్ చేసి లేదా ఇంటికి వెళ్లి చెప్పే పిలుపు. జవాబు రాసిన ప్రతివారికీ వేరువేరుగా బదులివ్వనక్కరలేదు. ఆమెను ఎరిగినవారు జ్ఞాపకం పంచుకుంటే వారికి పేరుతో బదులిచ్చి, మిగిలినవారికి సాయంత్రం ఒక్క వాక్యంలో కృతజ్ఞత చెప్పండి.

మా నివాళి కింద, అవనిగడ్డలో ఉంటున్న ఒక పెద్దావిడ, ఆ పొయ్యికి తానూ పుల్లలు ఏరి తెచ్చేదాన్నని రాశారు. ఆ మాటను తేదీతో సహా ఒక నోటుబుక్కులో ఎక్కించాను. అందులోనే అమ్మమ్మ తిథి, పురోహితుడు చెప్పిన రోజులు, మాగాయ సంగతి, ఫోటో అసలు ప్రతి ఏ పెట్టెలో ఉందో కూడా రాసి ఉన్నాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందువల్ల వచ్చే ఏడాది మాఘ శుద్ధ సప్తమి ఫిబ్రవరి 7 దాటిన తరువాత వస్తుందని అదే పేజీలో పెన్సిలుతో గుర్తు పెట్టాను.